Ksp తో పోల్చడం తేలికే, Q కట్టడంలోనే ఉంది తంటా

రెండు లవణ ద్రావణాలు కలిపితే అవక్షేపం వస్తుందా రాదా అన్న ప్రశ్నకు ఇంటర్ పుస్తకం ఇచ్చే జవాబు ఒక్క వాక్యమే. అయానిక లబ్ధం Q విలువ ద్రావణీయతా లబ్ధం Ksp కంటే ఎక్కువైతే అవక్షేపం వస్తుంది, తక్కువైతే రాదు, రెండూ సమానమైతే ద్రావణం సరిగ్గా సంతృప్తమై ఉన్నట్టు. ఈ వాక్యం నోటికి రాని విద్యార్థి ఉండడు. అయినా లెక్క ఇచ్చేసరికి తప్పులు కుప్పలుగా వస్తాయి. రెండు అంకెల్లో ఏది పెద్దదో చూడటంలో కష్టమేమీ లేదు కాబట్టి, తప్పు జరిగేది అక్కడ కాదు. Q కట్టేటప్పుడు ఏ గాఢత వేయాలి, దాన్ని ఎన్నో ఘాతానికి పెంచాలి, ఏ క్షణంలో ఉన్న గాఢత తీసుకోవాలి, అక్కడే కాలు జారుతుంది.

ఇదంతా ఒక్క లవణం మీద పెట్టి చూస్తే బాగా తేలుతుంది. వెండి క్లోరైడ్ తీసుకుంటే లెక్క మరీ సులువై తప్పులన్నీ దాక్కుంటాయి. కాల్షియం ఫ్లోరైడ్, CaF₂, మంచి ఎంపిక. ఒక కాల్షియానికి రెండు ఫ్లోరైడ్‌లు ఉండటంతో వర్గం వచ్చి పడుతుంది, పైగా నల్గొండ బోరు నీళ్ల కథలో సగం ఈ లవణం చుట్టూనే తిరుగుతుంది. దాని సంగతి చివర్లో.

Ksp అంటే ఏమిటో ఒక్కసారి సరిగ్గా చెప్పుకుందాం. ఘన CaF₂ నీటిలో ఉండి, కరిగేంత కరిగి, ఇక కరిగే వేగమూ మళ్లీ ఘనంగా మారే వేగమూ సమానమైపోయిన స్థితిలో,

Ksp = [Ca²⁺][F⁻]²

ఈ లబ్ధం ఒక ఉష్ణోగ్రత దగ్గర మారదు. కాల్షియం ఎక్కడి నుంచి వచ్చింది, ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది దానికి పట్టదు. 25 డిగ్రీల దగ్గర దీని విలువ 3.5×10⁻¹¹ అనుకుందాం. ఒక పట్టికలో 3.45 ఉంటుంది, ఇంకో దాంట్లో 3.9 ఉంటుంది, ఆ తేడా గొడవ మనకు ఇప్పుడు అడ్డం రాదు. Q కీ ఇదే సూత్రం, ఇవే ఘాతాలు. తేడా ఒక్కటే: Q లో వేసేవి సమతాస్థితి గాఢతలు కావు, ఇప్పుడు గాజు బీకరులో ఉన్న గాఢతలు. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే, రెండు ద్రావణాలూ పూర్తిగా కలిసిపోయాయి, కానీ ఒక్క గింజ ఘనం కూడా ఇంకా ఏర్పడలేదు అని ఊహించుకున్న క్షణంలో ఉండే గాఢతలు. నిజంగా అలాంటి క్షణం ఉంటుందా అంటే ఉండకపోవచ్చు, కానీ లెక్క ఆ క్షణానికే కట్టాలి.

ఇప్పుడు కేసు. 5.0×10⁻⁴ మోలార్ కాల్షియం క్లోరైడ్ ద్రావణం 50 మి.లీ., 5.0×10⁻⁴ మోలార్ సోడియం ఫ్లోరైడ్ ద్రావణం 50 మి.లీ. కలిపారు. అవక్షేపం వస్తుందా?

ముందుగా ఏది అవక్షేపంగా పడగలదో చూడాలి. నాలుగు అయాన్లు ఉన్నాయి: Ca²⁺, Cl⁻, Na⁺, F⁻. సోడియం క్లోరైడ్ బాగా కరుగుతుంది, దాని గురించి ఆలోచించక్కర్లేదు. మిగిలింది CaF₂ ఒక్కటే.

తర్వాత గాఢతలు. 50 మి.లీ. లో ఉన్న కాల్షియం ఇప్పుడు 100 మి.లీ. లో పరుచుకుంది కాబట్టి గాఢత సగమై 2.5×10⁻⁴ అయింది. ఫ్లోరైడ్‌కీ అదే గతి, 2.5×10⁻⁴. ఇక Q:

Q = (2.5×10⁻⁴) × (2.5×10⁻⁴)² = 1.56×10⁻¹¹

ఇది 3.5×10⁻¹¹ కంటే తక్కువ. అవక్షేపం రాదు, ద్రావణం తేటగానే ఉంటుంది.

ఈ అంకెలు కావాలనే ఎంచుకున్నవి. ఎందుకంటే మామూలుగా జరిగే మూడు తప్పుల్లో ఏది చేసినా జవాబు తలకిందులవుతుంది. కలిపితే పలచబడుతుందన్న సంగతి మర్చిపోయి, సీసా మీద రాసి ఉన్న 5.0×10⁻⁴ నే తిన్నగా వేస్తే Q విలువ 1.25×10⁻¹⁰ వస్తుంది, అంటే Ksp కి మూడున్నర రెట్లు, "అవక్షేపం వస్తుంది" అని రాసేస్తారు. గమనించాల్సింది ఏమిటంటే గాఢతలో తప్పు రెండింతలే అయినా Q లో తప్పు ఎనిమిదింతలు, ఎందుకంటే ఆ 2 అనే గుణకం మూడుసార్లు గుణించబడింది. వర్గం చేయడం మర్చిపోతే ఇంకా ఘోరం, Q 6.25×10⁻⁸ అయి కూర్చుంటుంది. ఇలాంటి సంఖ్యను Ksp తో పోల్చడమే తప్పు, ఎందుకంటే ఒకటి మోలార్ వర్గం, ఇంకొకటి మోలార్ ఘనం, బియ్యం బస్తాల సంఖ్యను పొలం ఎకరాలతో పోల్చినట్టు ఉంటుంది.

మూడో తప్పు బాగా చదివే పిల్లలు చేసేది, అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి. CaF₂ లో ఫ్లోరైడ్ రెండు కదా అని ఫ్లోరైడ్ గాఢతను 2తో గుణించి, 5.0×10⁻⁴ చేసి, దాన్ని మళ్లీ వర్గం చేస్తారు. Q నాలుగింతలై 6.25×10⁻¹¹ వస్తుంది, జవాబు మళ్లీ తప్పు. ఈ 2 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇక ఆ తప్పు జరగదు. వట్టి నీటిలో CaF₂ గడ్డ వేసి కరిగించే లెక్కలో, లీటరుకు s మోల్‌లు కరిగితే s కాల్షియం, 2s ఫ్లోరైడ్ వస్తాయి, ఎందుకంటే అక్కడ ఫ్లోరైడ్‌కు CaF₂ తప్ప వేరే దారి లేదు. అప్పుడు Ksp = s × (2s)² = 4s³. కోచింగ్ సెంటర్లలో ఈ 4s³ ఎంత రుద్దుతారంటే, ఎక్కడ CaF₂ కనబడితే అక్కడ చేయి దానంతట అదే 2 రాసేస్తుంది. కానీ రెండు ద్రావణాలు కలిపిన లెక్కలో ఫ్లోరైడ్ వచ్చింది సోడియం ఫ్లోరైడ్ నుంచి. అక్కడ ఒక NaF కి ఒకే F⁻. ఎంత వేశారో అంతే ఉంటుంది. ఘాతం మాత్రం సూత్రం నుంచి వస్తుంది, గాఢత మాత్రం సీసా నుంచి వస్తుంది, ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు. సోడియం ఫ్లోరైడ్ బదులు ఒక మోల్‌కు రెండు ఫ్లోరైడ్‌లు ఇచ్చే లవణం వాడి ఉంటే అప్పుడు 2 వేయాలి, అదీ ఆ లవణం వల్లే కానీ CaF₂ వల్ల కాదు.

ఇదే జత ద్రావణాలతో ఇంకో సరదా సంగతి ఉంది. సగం సగం కాకుండా వేరే పాళ్లలో కలిపితే? 10 మి.లీ. కాల్షియం క్లోరైడ్‌కు 90 మి.లీ. సోడియం ఫ్లోరైడ్ కలిపితే కాల్షియం 5.0×10⁻⁵, ఫ్లోరైడ్ 4.5×10⁻⁴ అయి Q 1.0×10⁻¹¹ వస్తుంది. అదే తిరగేసి 90 మి.లీ. కాల్షియం, 10 మి.లీ. ఫ్లోరైడ్ కలిపితే Q 1.1×10⁻¹² మాత్రమే. తొమ్మిది రెట్ల తేడా, వాడిన సీసాలు మాత్రం అవే. వర్గం ఫ్లోరైడ్ మీద ఉంది కాబట్టి ఫ్లోరైడ్‌ను పలచబరిస్తే దెబ్బ ఎక్కువ. Q గరిష్ఠంగా ఎప్పుడు వస్తుందంటే కాల్షియం ఒక వంతు, ఫ్లోరైడ్ రెండు వంతులు కలిపినప్పుడు, అది కూడా 1.85×10⁻¹¹ దగ్గరే ఆగిపోతుంది. అంటే ఈ రెండు సీసాలను ఏ పాళ్లలో కలిపినా CaF₂ పడే ప్రసక్తే లేదు. ప్రతి పాళ్లకూ విడిగా లెక్క కట్టకుండా ఒక్క లెక్కతో ఆ మాట చెప్పగలగడం బాగుంటుంది కదా.

సరే, అవక్షేపం వచ్చే కేసు చూద్దాం. రెండు ద్రావణాలనూ పదింతలు చిక్కగా, 5.0×10⁻³ మోలార్‌గా తీసుకుని సమాన ఘనపరిమాణాలు కలిపితే, ఒక్కో అయాన్ 2.5×10⁻³ అవుతుంది, Q పదింతలు కాదు, వెయ్యింతలు పెరిగి 1.56×10⁻⁸ అవుతుంది. Ksp కి సుమారు 450 రెట్లు. ఇక్కడ పట్టికలో 3.45 ఉందా 3.9 ఉందా అన్న టెన్షన్ అక్కర్లేదు, అవక్షేపం రావాల్సిందే.

కానీ ఎంత వస్తుంది? Q, Ksp నిష్పత్తి 450 కాబట్టి 450 లో ఒక వంతే మిగులుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. Q అనేది దిశ చెబుతుంది, పరిమాణం చెప్పదు. పరిమాణానికి వేరే లెక్క కట్టాలి. ఒక కాల్షియానికి రెండు ఫ్లోరైడ్‌లు కావాలి కాబట్టి ముందు అయిపోయేది ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ దాదాపు అంతా పడిపోయిందనుకుంటే కాల్షియం సుమారు సగం మిగులుతుంది. కొంచెం సవరించి కడితే మిగిలిన కాల్షియం 1.33×10⁻³. దాన్ని Ksp సూత్రంలో వేస్తే ద్రావణంలో మిగిలే ఫ్లోరైడ్ 1.6×10⁻⁴ మోలార్. మి.గ్రా. లలోకి మారిస్తే లీటరుకు 47.5 మి.గ్రా. ఉన్న ఫ్లోరైడ్ 3.1 మి.గ్రా. కి దిగింది. సున్నాకి రాలేదు. అవక్షేపం పడటం అంటే అయాన్ అంతా పోవడం కాదు, లబ్ధం Ksp దాకా దిగడం, అంతే.

బీకరులో చూస్తే ఇదేమంత ఘనంగా ఉండదు. 100 మి.లీ. లో పడే CaF₂ బరువు 9 మి.గ్రా. చిల్లర. లెడ్ అయొడైడ్‌లా పసుపు రంగుతో మెరవదు, వెండి క్లోరైడ్‌లా పెరుగు విరిగినట్టు గడ్డకట్టదు. రేణువులు చాలా సన్నం, పైగా CaF₂ వక్రీభవన గుణకం 1.43, నీటిది 1.33, రెండూ దగ్గరగా ఉండటంతో కాంతి పెద్దగా చెదరదు. పలచటి పాలమబ్బులాంటిది కనిపించి, అడుగుకు చేరడానికి చాలాసేపు తీసుకుంటుంది, మామూలు వడపోత కాగితం గుండా కొంత జారిపోతుంది కూడా. కంటికి తేటగా ఉంది కాబట్టి అవక్షేపం రాలేదని రాసేయడం ఇక్కడ ప్రమాదం. గది చీకటి చేసి చిన్న లేజర్ పాయింటర్ కాంతిని పక్క నుంచి పంపితే తెలుస్తుంది: రేణువులు ఉంటే ద్రావణంలో కాంతి దారి గీతలా కనబడుతుంది, లేకపోతే కనబడదు. కలపకముందు రెండు ద్రావణాలనూ విడివిడిగా ఇలాగే చూసి ఉంచుకోవాలి, లేకపోతే నీటిలోని దుమ్ము కూడా గీత గీస్తుంది.

Q ఎక్కువైనా వెంటనే ఏమీ పడకపోవడం కూడా జరుగుతుంది, దీనికి కారణం లెక్కలో తప్పు కాదు. మొదటి స్ఫటికం పుట్టాలంటే కొన్ని అయాన్లు ఒకేచోట చేరి చిన్న గుంపు కావాలి. ఆ గుంపు మరీ చిన్నదిగా ఉన్నంతసేపు దానికి ఉపరితలం ఎక్కువ, లోపలి భాగం తక్కువ, అందుకే నిలబడకుండా మళ్లీ కరిగిపోతుంటుంది. Q విలువ Ksp కంటే రెండు మూడు రెట్లు మాత్రమే ఎక్కువైనప్పుడు నిలబడేంత పెద్ద గుంపు పుట్టడం అరుదు, ద్రావణం అతిసంతృప్తంగా గంటల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు తేటగానే కూర్చుంటుంది. గాజుకడ్డీతో బీకరు లోపలి గోడను గీకితేనో, చిటికెడు CaF₂ పొడి వేస్తేనో అప్పుడు పడటం మొదలవుతుంది. అందుకే Q > Ksp అన్నది "అవక్షేపం పడటానికి వీలుంది" అన్న మాట, "ఇప్పుడే పడుతుంది" అన్న మాట కాదు. Q < Ksp అన్న మాటకు మాత్రం ఇలాంటి మినహాయింపు లేదు, అక్కడ ఎంతసేపు ఎదురుచూసినా ఏమీ రాదు, పైగా పొడి వేస్తే అదీ కరుగుతుంది.

ఇక నల్గొండ. అక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి, భూగర్భజలం వాటిని తాకుతూ తిరుగుతుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎంతవరకు పెరగగలదో CaF₂ ద్రావణీయతా లబ్ధమే పై హద్దు గీస్తుంది. ఒక బోరు నీటిలో లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడ్, 30 మి.గ్రా. కాల్షియం ఉన్నాయనుకుందాం. ఫ్లోరైడ్ 2.1×10⁻⁴ మోలార్, కాల్షియం 7.5×10⁻⁴ మోలార్, Q 3.3×10⁻¹¹. Ksp 3.5×10⁻¹¹. దాదాపు సమానం!

ఇక్కడ పుస్తకపు లెక్క చేతులెత్తేస్తుంది. బోరు నీటిలో సోడియం, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్ ఇంకా బోలెడు అయాన్లు ఉంటాయి. వాటి మధ్య ఉన్న కాల్షియం అయాన్ చుట్టూ రుణావేశాలు మూగి దాని పూర్తి ప్రభావాన్ని తగ్గిస్తాయి. కాబట్టి గాఢతల బదులు క్రియాశీలతలు, అంటే నిజంగా ప్రభావం చూపే గాఢతలు, వేయాలి. అయాన్ల గాఢతలనూ ఆవేశాలనూ కలిపి చెప్పే అయానిక బలం 0.02 ఉన్న నీటిలో ఫ్లోరైడ్‌కు ఈ సవరణ గుణకం 0.87, రెండు ఆవేశాలున్న కాల్షియానికి 0.57 దగ్గర వస్తుంది. ఫ్లోరైడ్‌ది వర్గం చేసి గుణిస్తే మొత్తం మీద 0.43. అంటే నిజమైన Q 1.4×10⁻¹¹ మాత్రమే, సంతృప్త స్థితికి సగం కూడా కాదు. ఆ నీరు ఇంకా ఫ్లోరైడ్‌ను కరిగించుకోగలదు. పైన బీకరు లెక్కలో ఈ సవరణ వదిలేసినా ఫర్వాలేదు, ఎందుకంటే మొదటి కేసులో సవరిస్తే Q ఇంకా తగ్గుతుంది, జవాబు మారదు, రెండో కేసులో 450 రెట్ల ముందు ఇది లెక్కలోకి రాదు. మిగిలే ఫ్లోరైడ్ మాత్రం మనం కట్టిన 3.1 కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. Q, Ksp దగ్గర దగ్గరగా వచ్చినప్పుడే ఇది జవాబును తేల్చేది.

కాల్షియం తక్కువున్న నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కనబడటానికి కారణం కూడా ఈ లబ్ధంలోనే ఉంది. నీటిలో బైకార్బొనేట్ ఎక్కువై, pH పెరిగితే, కాల్షియం ముందు కార్బొనేట్‌తో కలిసి సున్నపురాయిగా పడిపోతుంది. కాల్షియం తగ్గేసరికి [Ca²⁺][F⁻]² అనే లబ్ధం అదే హద్దు లోపల ఉండాలంటే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటానికి చోటు దొరుకుతుంది. అందుకే ఏ నీటికైనా ఒక్క CaF₂ కే Q కట్టి ఊరుకోకూడదు, ఆ అయాన్ కోసం పోటీపడే ప్రతి లవణానికీ కట్టాలి.

అలాగైతే నీటిలో కాల్షియం కలిపేసి ఫ్లోరైడ్‌ను పడగొట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క కడదాం. మన దేశపు తాగునీటి ప్రమాణం IS 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. 1.5 మి.గ్రా. అంటే 7.9×10⁻⁵ మోలార్. దాన్ని వర్గం చేసి Ksp ని భాగిస్తే కాల్షియం 5.6×10⁻³ మోలార్ ఉండాలి, అంటే లీటరుకు 225 మి.గ్రా., క్రియాశీలత సవరణ కలిపితే 500 దాటుతుంది. అదే ప్రమాణంలో కాల్షియానికి ఎంత కష్టమొచ్చినా అనుమతించే పై హద్దు 200 మి.గ్రా. ఇక వట్టి నీటిలో CaF₂ పొడి కలిపి తేర్చినా, 4s³ లెక్క ప్రకారమే, ఫ్లోరైడ్ 7.8 మి.గ్రా. దగ్గర నిలుస్తుంది. ఫ్లోరైడ్ వందల మి.గ్రా. లలో ఉండే ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో సున్నం వేయడం బాగా పనిచేస్తుంది, వందల నుంచి పది ఇరవై దాకా దించుతుంది. ఊరి బోరు నీటిలో మొదలయ్యేదే నాలుగైదు దగ్గర, అక్కడ ఇది పారదు.

నీటి నుంచి ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేసిన నల్గొండ పద్ధతిలో సున్నం ఉన్నమాట నిజమే. కానీ అందులో అసలు పని చేసేది పటిక. పటిక నీటిలో పడి అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి తునకలుగా మారుతుంది, ఫ్లోరైడ్ వాటికి అంటుకుని వాటితో పాటు కిందికి దిగుతుంది. పటిక వల్ల నీరు పులిసిపోకుండా చూడటమే అక్కడ సున్నం పని. అడుగున చేరే ఆ బురదను చూసి CaF₂ అనుకుని Q కట్టడం మొదలుపెడితే లెక్క ఎక్కడా తెమలదు, ఎందుకంటే ఫ్లోరైడ్ అక్కడ తన సొంత లవణంగా అవక్షేపం కావడం లేదు, ఇంకో అవక్షేపం ఉపరితలానికి పట్టుకుని వెళుతోంది. దాన్ని అంచనా వేయడానికి Ksp పనికిరాదు, ఎంత పటికకు ఎంత ఫ్లోరైడ్ అంటుకుంటుందో ఆ ఊరి నీటితోనే జాడీల్లో పరీక్షించి చూడాలి.